ఆటగాడి తాత్కాలిక సస్పెన్షన్‌పై క్లబ్బు ప్రకటన

విశాఖపట్నం: గత ఆదివారం లీగ్ మ్యాచ్ ముగిశాక డ్రెస్సింగ్ రూమ్ బయట జరిగిన వాగ్వాదానికి, అద్దం పగిలిన ఘటనకు సంబంధించి, మా సీనియర్ క్రికెట్ జట్టు సభ్యుడొకరిపై ప్రవర్తన నియమావళి ఉల్లంఘన ఫిర్యాదు అందింది. విచారణ ముగిసే వరకు, గరిష్ఠంగా 21 రోజులు, ఆయనను మ్యాచ్‌లకు, జట్టు సాధనకు దూరంగా ఉంచుతున్నాం.

ఇది శిక్ష కాదు. ఫిర్యాదులోని ఆరోపణలు ఇంకా రుజువు కాలేదు. తనపై వచ్చిన ఆరోపణలతో ఆయన ఏకీభవించడం లేదు. తన వాదనను రాతపూర్వకంగా ఇచ్చారు. ఫిర్యాదు చేసిన వ్యక్తి మాటనూ అంతే శ్రద్ధగా వింటాం. ఆ మ్యాచ్‌తో సంబంధం లేని ముగ్గురు సభ్యుల సంఘం విచారణ జరుపుతుంది. అవసరమైతే ఆ ఆటగాడు విచారణకు తనకు నచ్చిన ఒకరిని వెంట తెచ్చుకోవచ్చు.

ఫోన్లలో తిరుగుతున్న వీడియో 22 సెకన్లది మాత్రమే. అది గొడవ మధ్యలో మొదలై, తలుపు మూసుకోవడంతో ఆగిపోతుంది. అద్దం ఎలా పగిలిందో అందులో కనిపించదు. దాన్ని చూసి ఎవరినీ దోషిగా తేల్చవద్దని మనవి. ఇరువురి పేర్లు, ఇంటి వివరాలు, కుటుంబ సభ్యుల ఫొటోలు పంచుకోవద్దు. ఇప్పటికే పంచుకున్నవారు దయచేసి తొలగించండి.

ఆ రోజు మైదానంలో ఉండి స్వయంగా చూసినవారు శనివారం సాయంత్రం లోపు క్లబ్బు కార్యాలయంలో వాంగ్మూలం ఇవ్వవచ్చు. విన్న మాటలు వద్దు. నిర్ణయం వెలువడే వరకు ఈ విషయంపై మా సభ్యులు, కోచ్‌లు ఎవరూ వ్యాఖ్యానించరు. ఆరోపణలు నిలవకపోతే ఆ సంగతినీ ఇంతే బహిరంగంగా ప్రకటిస్తాం.

గౌరవ కార్యదర్శి,
కార్యవర్గం తరఫున