మా సత్తిబాబు పెళ్ళి రిసెప్షన్‌లో నాలుగు మాటలు

పెద్దలందరికీ నమస్కారమండి. బాబాయి గారు మైకు ఇస్తూ "నాలుగు నిమిషాలేరా" అన్నారు. మన గోదావరి జిల్లాల్లో ఎదురుపడ్డ మనిషిని "ఎప్పుడొచ్చారు, ఎలా ఉన్నారు, భోంచేశారా" అని పలకరించడానికే నాలుగు నిమిషాలు చాలవు. అయినా ప్రయత్నిస్తానండి. భోజనాలు ఆలస్యమైతే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది.

నేను పెళ్ళికొడుకు స్నేహితుణ్ణి. ద్రాక్షారామంలో ఇద్దరిదీ ఒకే వీధి, బళ్ళో ఒకే బెంచీ. వాడి గురించి నాకు తెలియనిది లేదు, తెలిసినదంతా ఇక్కడ చెప్పడానికీ లేదు. కానీ ముహూర్తం అయిపోయింది కాబట్టి ఆడపెళ్ళివారికి ఒక్క నిజం చెప్పేస్తాను. వీడు టైముకి రాడండి. ఫోన్ చేస్తే "వచ్చేస్తున్నానురా, రామచంద్రపురం దాటేశాను" అంటాడు. వెనకాల పిన్ని గారు "ఒరే, టిఫిన్ చల్లారిపోతోంది" అనడం మనకి వినిపిస్తూనే ఉంటుంది.

పెళ్ళిచూపులకీ అంతే. కోటిపల్లి రేవులో పంటెక్కి ముక్తేశ్వరం వైపు దిగితే, లావణ్య వాళ్ళ ఊరు అక్కడికి దగ్గరే. వీడి జుట్టు దువ్వుకోవడం పూర్తయి మేం రేవుకొచ్చేసరికి పంటు గోదాట్లో ఉంది. అది అవతలికెళ్ళి, బళ్ళన్నీ దింపి, మళ్ళీ ఎక్కించుకుని వచ్చేదాకా వైశాఖం ఎండలో నించున్నాం. ఆ ఇంటికి చేరేసరికి పెద్దవాళ్ళ మొహాలు మాడిపోయి ఉన్నాయి. బాబాయి గారు "పంటు తప్పిపోయిందండి" అని సంజాయిషీ చెప్పుకుంటున్నారు. కాఫీలు తెచ్చిన అమ్మాయి వీడి వంక చూసి, "పంటు తప్పిందా అండి, మీరే తప్పించుకుందామనుకున్నారా?" అంది. గదంతా గొల్లుమంది. వీడి చెవులు ఎర్రబడ్డాయి. తిరిగొచ్చేటప్పుడు పంటు మీద నాతో ఒక్క మాటే అన్నాడు: "ఈ అమ్మాయి దగ్గర మన కబుర్లు చెల్లవురా." భయపడ్డాడేమో అనుకున్నాను. చూస్తే నవ్వుతున్నాడు.

ఇప్పుడు కాస్త సీరియస్ మాట. నేను హైదరాబాద్‌లో ఉండగా ఒక రాత్రి మా నాన్నకి గుండెనొప్పి వచ్చి కాకినాడలో చేర్చారు. వీడికి ఫోన్ చేస్తే "కంగారేం లేదురా, పొద్దున్నే వెళ్ళి చూసొస్తాలే" అన్నాడు. వీడి పొద్దున్న అంటే మధ్యాహ్నమే కదా, అని లోపల తిట్టుకుంటూనే రైలెక్కాను. దిగి వెళ్ళేసరికి ఐసీయూ బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో మా నాన్న కళ్ళజోడు, తువ్వాల్లో చుట్టి. ఒళ్ళో పాత మందుచీటీలు, వరసగా సర్ది పిన్ను కొట్టి. రాత్రి కారు నడిపి తీసుకొచ్చింది వీడేనని తర్వాత మా అమ్మ చెప్పింది. నేను ఫోన్ చేసే టైముకి వీడు ఆసుపత్రి మెట్ల మీదే ఉన్నాడట. దారి పొడుగునా నేను హడలిపోతానని అలా చెప్పాడు. బయల్దేరకుండా దాటేశాననే మనిషి, వచ్చేసి కూడా రాలేదని చెప్పిన రోజు అదొక్కటే.

నాన్న అదిగో, రెండో వరసలో ఉన్నారు. షుగరున్నా పూతరేకులు తింటున్నారు. ఆయనతో ఇంటికెళ్ళాక మాట్లాడతాను.

లావణ్య గురించి నాకు తెలిసింది తక్కువే. కానీ సంబంధం ఖాయమయ్యాక పిన్ని గారికి కంటి ఆపరేషన్ జరిగింది. కంట్లో చుక్కల మందు వేసుకునే టైముకి రోజూ ఫోన్ చేసి గుర్తు చేసింది ఈ అమ్మాయే. కొడుకు పక్క గదిలోనే ఉన్నాడండి, నిద్రపోతూ. పిన్ని గారు ఇప్పటికీ ఊరంతా ఇదే చెప్పుకుంటున్నారు. ఈ ఇంట్లో నీ మాటకి ఎదురులేదు చెల్లెమ్మా, అది ఎప్పుడో తేలిపోయింది.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మనవాళ్ళు. ఇది శ్రావణం, గోదాట్లో ఎర్రనీరు, వీడికేమో పులస పిచ్చి. పుస్తెలు కట్టి ఇంకా పూట కాలేదు. వాటిని ఓ కంట కనిపెట్టి ఉండమ్మా.

ఒరే సత్తిబాబూ, నీకు నేను చెప్పేది ఒకటే. ఆ అమ్మాయి ఫోన్ చేసి ఎక్కడున్నావని అడిగితే, ఎక్కడున్నావో అక్కడే ఉన్నానని చెప్పు. మిగతావన్నీ నీకు చేతనవుతాయని కాకినాడలో చూశాను.

గ్లాసులు ఎత్తే అలవాటు మనకి లేదు గానీ, చేతిలో కొబ్బరిబోండాలున్న వాళ్ళు ఒకసారి పైకెత్తండి. లేనివాళ్ళు మనసులో దీవించండి. లావణ్య, సత్తిబాబు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలి!

బాబాయి గారూ, మైకు తీసుకోండి. వడ్డన మొదలుపెట్టించండి.