సీన్ 17, గుంట కట్ట మీద రాత్రి: సౌండ్ నోట్

అన్నా, నువ్వు పంపిన నాలుగో కట్ నిన్న రాత్రి హెడ్‌ఫోన్స్‌లో మూడుసార్లు, ఫోన్ స్పీకర్‌లో ఒకసారి చూశాను. సీన్ 17 నిడివి 4 నిమిషాల 10 సెకన్లు. అందులో మాట ఒక్కటే, చివర్లో పెంచలయ్య "శీనయ్యా" అని పిలవడం. మిగతా బరువంతా శబ్దమే మోయాలి. అందుకే ఈ నోట్ నీకూ, మైపాడు పక్కకి రికార్డింగ్‌కి వెళ్తున్న మన తమ్ముళ్లిద్దరికీ, మిక్స్ చేసే అన్నకీ కలిపి రాస్తున్నాను.

ముందుగా, కట్‌లో తాత్కాలికంగా వేసిన మ్యూజిక్ తీసేద్దాం. ఆ వయొలిన్లు రెండో సెకనులోనే "ఇప్పుడు భయపడండి" అని చెప్పేస్తున్నాయి. అలా చెప్పాక చూసేవాళ్లు ఆ భయం కోసం కాచుకుని కూర్చుంటారు, గుంట కట్ట మీద పెంచలయ్యతో పాటు నిలబడరు. ఈ సీన్‌లో భయం ఒక శబ్దం ఆగిపోవడంతో మొదలవ్వాలి.

మన తీరంలో ఎవరినైనా అడుగు, అర్ధరాత్రి రొయ్యల గుంటలో ఏరియేటర్లు ఆగితే ఏమవుతుందో చెబుతారు. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది, తెల్లారేసరికి పంటంతా పోతుంది. ఆ మోత ఉన్నంతసేపే కాపలా మనిషికి నిద్ర పడుతుంది, ఆగిన మరుక్షణం మెలకువ వస్తుంది. రొయ్యల గుంట ఎప్పుడూ చూడనివాళ్లకి ఇది తెలియదు కాబట్టి, మొదటి 52 సెకన్లలో వాళ్ల చెవికి ఆ మోతని అలవాటు చేయాలి.

0:00 నుంచి 0:52 వరకు

ఒకటో గుంటలో నాలుగు ఏరియేటర్లు తిరుగుతున్నాయి. రెక్కలు నీళ్లని కొట్టే చప్పుడు, దాని కింద మోటార్ల గుయ్ మనే మోత. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ మోతలో 100 హెర్ట్జ్ గట్టిగా వినిపిస్తుంది. పెంచలయ్య కూర్చున్న షెడ్డుకి రేకులు కదా, అవి ఆ మోతకి సన్నగా అదురుతాయి. ఆ అదురు నాకు విడిగా కావాలి. షెడ్డు లోపల రేకుకి జానెడు దూరంలో మైక్ పెట్టి తీయండి.

మిక్స్‌లో ఈ మోత మొదటి సెకను నుంచి 52వ సెకను దాకా మొత్తం మీద 2 డీబీ పెరగాలి, అంతే. ఎవరూ గమనించరు. కానీ "ఈ గోల కాస్త తగ్గితే బావుండు" అని లోపల ఎక్కడో అనిపిస్తుంది. వాళ్లు కోరుకున్నదే ఒక్కసారిగా జరగాలి.

0:52, కరెంటు పోవడం

ఇప్పుడు కట్‌లో లైటు, శబ్దం రెండూ ఒకే ఫ్రేములో పోతున్నాయి. అది తప్పన్నా. బల్బు ఠక్కున ఆరుతుంది, కానీ తిరుగుతున్న రెక్కలు ఠక్కున ఆగవు. మూడు నాలుగు సెకన్ల పాటు నెమ్మదిస్తూ, నీళ్లని ఒకటి, ఒకటి, ఇంకొకటి కొట్టి ఆగుతాయి. నాలుగూ ఒకేసారి ఆగకూడదు, ఆఖరిది 0:56కి ఆగనిద్దాం. చీకట్లో ఆ చివరి రెక్క నుంచి నీటిచుక్కలు పడే చప్పుడు నాలుగైదు సార్లు వినిపించాలి.

తమ్ముళ్లూ, ఇది గట్టిగా చెబుతున్నాను. మన రికార్డింగ్ కోసం రాత్రిపూట ఎవరి గుంటలోనూ ఏరియేటర్లు ఆపమని అడగొద్దు. ఆగే చప్పుడు కావాలంటే ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం, నీళ్లలో ఆక్సిజన్ బాగా ఉన్నప్పుడు, రైతు ఒప్పుకుంటేనే, ఒక్క అర నిమిషం. రాత్రి నిశ్శబ్దాన్ని మాత్రం పట్టుబడి అయిపోయి ఖాళీగా ఉన్న గుంట దగ్గర తీయండి.

0:56 నుంచి 1:48 వరకు

ఇక్కడ నిశ్శబ్దం అని స్క్రిప్ట్‌లో రాసుకున్నావు. ట్రాకులన్నీ సున్నా చేస్తే అది నిశ్శబ్దం అనిపించదు, హాల్లో స్పీకర్ పోయిందనుకుంటారు. అక్కడి గాలి ఉండాలి. రాత్రి రెండు దాటాక, ఎవరూ కదలకుండా, ఫోన్లు ఆఫ్ చేసి, మూడు నిమిషాలు ఊరికే రికార్డ్ చేయండి. ఆ మూడు నిమిషాలే ఈ సీన్‌కి నేల.

మొదటి పన్నెండు సెకన్లు దాదాపు ఏమీ వినిపించదు, ఎందుకంటే అప్పటిదాకా మోతలో ఉన్న చెవికి చిన్న చప్పుళ్లు వెంటనే అందవు. తర్వాత ఒక్కొక్కటే బయటపడతాయి. ముందు పెంచలయ్య ఊపిరి. తర్వాత కీచురాళ్లు. తర్వాత కట్టకి అవతల పంట కాలువలో కప్పలు. గుంటలో నీళ్లు ఉప్పన, కప్పల అరుపు అందులోంచి వచ్చినట్టు పెడితే ఇందుకూరుపేట, విడవలూరు వాళ్లు ఒక్కరూ నమ్మరు. కాలువలోంచే రావాలి.

1:30కి సముద్రం మొదలవుతుంది. దీని గురించి కింద విడిగా రాశాను.

1:48 నుంచి 2:45 వరకు, కప్పలు

నాకు ఈ సీన్‌లో అన్నింటికన్నా ఇష్టమైన చోటు ఇదే, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను. కట్‌లో నువ్వు ఇక్కడ అడుగుల చప్పుడు పెట్టావు. దాన్ని తీసేయమని అడుగుతున్నాను. చిన్నప్పుడు రాత్రిపూట కాలువ గట్టు మీద నడిచినవాళ్లకి తెలుసు, మనిషి దగ్గరికి వస్తే అక్కడి కప్పలు నోరు మూసుకుంటాయి, దాటిపోయాక మళ్లీ మొదలుపెడతాయి. ఎవరో వస్తున్నారని చెప్పడానికి మనకి అంతకన్నా ఏం కావాలి?

కప్పల్ని మూడు గుంపులుగా విడగొడదాం. కుడివైపు దూరంగా ఒకటి, మధ్యలో ఒకటి, ఎడమవైపు షెడ్డు దగ్గర ఒకటి. 1:48కి దూరం గుంపు ఆగిపోతుంది. ఎవరూ పట్టించుకోరు. 2:06కి మధ్య గుంపు ఆగుతుంది. ఆ తర్వాత కాసేపటికి దూరం గుంపులోంచి ఒక కప్ప, ఇంకో కప్ప మళ్లీ అరవడం మొదలుపెడతాయి. అప్పుడు చూసేవాళ్లకి లెక్క అర్థమవుతుంది, నిశ్శబ్దం కట్ట మీద నడుచుకుంటూ వస్తోందని. 2:25కి షెడ్డు పక్క గుంపు ఆగిపోతుంది. మన దగ్గర ఇక మిగిలింది పెంచలయ్య ఊపిరి, ఆ సముద్రం.

2:31కి తీతువు. ఒక్కసారి, చాలా దగ్గరగా. గట్ల మీద గూడు పెట్టే ఆ పిట్ట రాత్రిపూట ఎవరైనా దగ్గరికొస్తే లేచి అరుస్తుంది, కాబట్టి ఇది ఉట్టి శకునం కాదు. కానీ తీతువు కూసిందంటే మన అమ్మమ్మలు ఏమనేవాళ్లో అందరికీ గుర్తే, అది కూడా మనకి పనికొస్తుంది. రెండోసారి వేయొద్దు. రెండోసారి కూస్తే పాత దెయ్యం సినిమా అయిపోతుంది.

అన్నా, ఒక మనవి. 2:34కి నువ్వు కట్ట వైపు ఒక షాట్ వేశావు, ఖాళీ కట్ట. దాన్ని తీసేసి పెంచలయ్య ముఖం మీదే ఉండు. ఖాళీ కట్ట చూపిస్తే "ఎవరూ లేరు" అని మనమే చెప్పినట్టు అవుతుంది. అతను తల తిప్పాలి, మనం తిప్పకూడదు.

అడుగున ఉన్న సముద్రపు హోరు

1:30 నుంచి 3:28 వరకు అడుగున ఒక లోతైన హోరు ఉంటుంది. కంప్యూటర్‌లో తయారుచేసిన డ్రోన్ నాకు వద్దు. సముద్రమే కావాలి. మైపాడు బీచ్‌లో అలల దగ్గర కాకుండా, వెనక సరుగుడు తోపు చాటు నుంచి తీయండి. చెట్లు అలల పైచప్పుడు మింగేసి అడుగుమోత వదులుతాయి. దాన్ని సగం వేగానికి తగ్గిస్తే ఒక స్థాయి కిందకి దిగుతుంది. అందులో 35 నుంచి 45 హెర్ట్జ్ మధ్య ఉన్నదాన్ని హాల్ మిక్స్‌లో సబ్‌వూఫర్‌కి పంపుదాం. అది చెవికన్నా ముందు కుర్చీకి తెలుస్తుంది.

అయితే మన సినిమాని ఎక్కువమంది ఫోన్‌లో చూస్తారు. ఫోన్ స్పీకర్‌లో 150 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. అందుకని అదే హోరుకి కాస్త శాచురేషన్ ఇచ్చి, 180, 225, 270 దగ్గర దాని పైస్వరాలు పుట్టిద్దాం. అడుగుస్వరం లేకపోయినా పైవి వింటే మెదడు దాన్ని తనే ఊహించుకుంటుంది.

సముద్రమే ఎందుకంటే, పెంచలయ్య 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను చూసినవాడని నువ్వు సీన్ 6లో చెప్పించావు. ఆ వయసువాళ్లకి రాత్రిపూట సముద్రం మోత కాస్త పెరిగితే చాలు, లేచి కూర్చుంటారు. ఈ హోరు ఏ సంఘటన దగ్గరా ఉబ్బకూడదు, చాలా నెమ్మదిగా పెరిగి 3:28కి ఒక్కసారి ఆగిపోవాలి. ఇంతసేపు అది ఉందని అప్పుడే తెలుస్తుంది.

2:45 నుంచి 3:28 వరకు

పెంచలయ్య జనరేటర్ హ్యాండిల్ తిప్పడం. మూడుసార్లు తిప్పుతాడు, మూడుసార్లూ పట్టుకోదు. ఇనుము చప్పుడు, తడి బురదలో చెప్పుల్లేని కాళ్లు, లుంగీ రాపిడి. ఇవన్నీ స్టూడియోలో ఫోలీ చేసుకుందాం. మూడోసారి తర్వాత ఊపిరి మాత్రం నటుడి దగ్గరే మళ్లీ తీయాలి, ఇప్పుడున్నది నటించినట్టుంది. పది మెట్లు ఎక్కించి దింపి రికార్డ్ చేయండి.

3:30, రెండో జనరేటర్

పెంచలయ్య హ్యాండిల్ చేత్తో పట్టుకుని నిలబడి ఉండగా, 300 మీటర్ల అవతల రెండో గుంట దగ్గర జనరేటర్ స్టార్ట్ అవుతుంది. అతను కోరుకున్న శబ్దమే, కానీ దాన్ని వేసింది ఎవరు? శీనయ్య గంట నుంచి కనిపించడం లేదు.

ఒక సిలిండర్ డీజిల్ ఇంజన్ 1500 ఆర్‌పీఎమ్‌లో తిరిగితే సెకనుకి పన్నెండున్నర దెబ్బలు. మొదట నెమ్మదిగా టుక్, టుక్ అని మొదలై ఆ వేగానికి ఎక్కడానికి నాలుగైదు సెకన్లు ఇవ్వాలి, గుండె వేగం పెరిగినట్టు. దూరం కాబట్టి పైస్వరాలు బాగా తగ్గించండి. 3:37కి అవతల బల్బు వెలుగుతుంది, ఏరియేటర్ రెక్కలు కదులుతాయి. రెక్కల చప్పుడు అదే ఫ్రేములో పెట్టొద్దు. 300 మీటర్లు దాటి రావడానికి శబ్దానికి దాదాపు 0.87 సెకను పడుతుంది, అంటే 24 ఫ్రేముల లెక్కన 21 ఫ్రేములు ఆలస్యం. కంటికీ చెవికీ మధ్య ఆ ఖాళీ చాలా చల్లగా ఉంటుంది.

3:52కి "శీనయ్యా". గట్టిగా పిలుస్తాడు, కానీ ఇంజన్ మోత దాన్ని సగం తినేయాలి. డైలాగ్ పైకి లేపొద్దు, అర్థం కావడం లేదని ఎవరన్నా సరే. జవాబు వచ్చినా అతనికి వినిపించదని చూసేవాళ్లకి అప్పుడు తట్టాలి. 4:10కి తెర నల్లబడ్డాక కూడా ఆ రెక్కలు ఇంకో మూడు సెకన్లు నీళ్లని కొడుతూనే ఉండాలి.

తమ్ముళ్లూ, అన్నీ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో తీయండి. ప్రతి టేక్ ముందు చోటు, టైము, మైక్ దూరం నోటితో చెప్పండి. ఫైళ్ల పేర్లు `S17_AER_REKU_01.wav`, `S17_KAPPALU_DOOR_01.wav` ఇలా పెడితే వెతుక్కునే పని ఉండదు. గాలి బాగా వీస్తే ఆ రాత్రి వదిలేసి మర్నాడు వెళ్లండి. కప్పలు మాత్రం నాకు కనీసం ఇరవై నిమిషాలు కావాలి. వాటి పక్కన ఒకసారి మీరే నడిచి, అవి ఆగడం, మళ్లీ మొదలవడం కూడా తీసుకురండి.