వ్యతిరేక పదాలు: ఎనిమిదో తరగతి హోంవర్కుకు జవాబులు

పిల్లలూ, శనివారం ఇచ్చిన విశేషణాలకు జవాబులివి. మీ నోట్సులు పక్కన పెట్టుకుని సరిచూసుకోండి. చాలామంది పదాన్ని ఒక్కదాన్నే చూసి గబగబా రాసేశారు. దాని పక్కన ఒక నామవాచకం పెట్టి పైకి చదవండి, సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. ఒక్క మాటలో వ్యతిరేకం లేనిచోట "లేదు" అని రాస్తే పూర్తి మార్కులు. లేని మాట పుట్టించి రాస్తే సున్నా.

పేచీ లేనివి: పెద్ద × చిన్న, కొత్త × పాత, తడి × పొడి, కుడి × ఎడమ, బరువైన × తేలికైన, బిగుతు × వదులు, వంకర × తిన్నని.

మంచి × చెడ్డ. "చెడు" రాసినవాళ్లకూ మార్కు వేశాను, చెడు అలవాటు అంటాం కదా. మనిషి ముందు మాత్రం "చెడ్డ" అనే రావాలి.

లావు × సన్న. కొందరు "దొడ్డు × సన్న" అని రాశారు, అదీ ఒప్పే. మన కరీంనగర్‌లో కొట్టుకెళ్లి లావు బియ్యం ఇవ్వమని అడిగేదెవరు? 2025లో రేషన్ షాపుల్లో సన్న బియ్యం మొదలయ్యాక ఈ జత రోజూ వినపడుతూనే ఉంది. కాగితానికి, దుప్పటికి అయితే మందపాటి × పలుచని. మజ్జిగకు చిక్కని × పలుచని. "పలుచని" రెండు చోట్లా వచ్చిందేమిటని కంగారుపడి ఒకదాన్ని కొట్టేయకండి.

గట్టి: దీనికి ఒకే జవాబు రాసినవాళ్లకు సగం మార్కులే. గట్టి లడ్డు × మెత్తని లడ్డు. గట్టి ముడి × వదులు ముడి. గట్టి పెరుగు × పలుచని పెరుగు. గట్టి మనిషి × మెతక మనిషి.

పచ్చి: నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. అందరూ "పండు" అని రాశారు. పచ్చి కాయకు అది సరిపోతుంది. మరి పచ్చి కట్టెకు? ఎండు కట్టె. పచ్చిమిర్చికి ఎండుమిర్చి. పచ్చి పాలకు కాచిన పాలు. పచ్చి కూరగాయలకు ఉడికినవి. పచ్చి పుండుకు మానిన పుండు. పచ్చి గోడకు ఆరిన గోడ. ఇక పచ్చి అబద్ధానికి వ్యతిరేకం? "పండు అబద్ధం" అని రాసిన మహానుభావుడెవరో చేయెత్తండి, నవ్వించినందుకు థ్యాంక్స్. అక్కడ "పచ్చి" అంటే ఏమాత్రం దాపరికం లేనిదని. అందుకే పచ్చి నిజం అని కూడా అంటాం. దానికి వ్యతిరేకం లేదు.

లోతైన: ఒక్క మాట లేదు. "లోతు తక్కువ బావి" అనాల్సిందే. "మెరక" రాసినవాళ్లు గమనించండి, అది నేల మాట: పల్లపు పొలం × మెరక పొలం.

ఉప్పని: ఒక్క మాట లేదు. "చప్పని" దగ్గరగా వస్తుంది కానీ ఉప్పు తగ్గినా, కారం తగ్గినా, చక్కెర తగ్గినా చప్పనే. "తియ్యని" కూడా కాదు, అది వేరే రుచి. పుల్లనికి మాత్రం పెరుగు దగ్గర చక్కటి జత ఉంది: పుల్లని పెరుగు × కమ్మని పెరుగు. చింతకాయ ముందు "కమ్మని" పెడితే కుదరదు.

ఎర్రని, గుండ్రని: లేవు. నలుపు తెలుపులను జతగా వాడుతున్నాం కాబట్టి ఎరుపుకు పచ్చ ఉండాలనేమీ లేదు. ట్రాఫిక్ సిగ్నల్‌ను వ్యాకరణంలోకి తేకండి. గుండ్రనికి "చదరపు" వ్యతిరేకమైతే మరి మూడు పలకల దాని సంగతేంటి?

ఎంగిలి: లేదు. "ఎంగిలి కాని" అని రెండు మాటల్లో చెప్పాలి. "శుభ్రమైన" తప్పు. అప్పుడే కడిగిన గ్లాసులో నీళ్లు తాగి ఇచ్చినా అవి ఎంగిలి నీళ్లే.

సాధ్యమైన × అసాధ్యమైన, సహజమైన × అసహజమైన. ఇవి సంస్కృతం నుంచి వచ్చిన మాటలు కాబట్టి ముందు "అ" చేరింది. ఆ ధైర్యంతో "అతియ్యని", "అలోతైన" అని రాయకూడదు. అచ్చ తెలుగు మాటకు "లేని", "కాని" వెనకాల చేరతాయి.

ఉచిత: ఇక్కడ తరగతిలో సగం బోల్తా పడింది. "అనుచిత" అని రాశారు. సంస్కృతంలో ఉచితం అంటే తగినది, అనుచితం అంటే తగనిది. ఆ అర్థంలో ఒప్పే. కానీ నేనిచ్చింది "ఉచిత ప్రయాణం". మహిళలు ఉచితంగా ఎక్కే బస్సులో మగవాళ్లది అనుచిత ప్రయాణం అంటామా? టికెట్ కొని చేసే ప్రయాణం అంటాం. కాబట్టి దీనికి ఒక్క మాట లేదు.

ఖాళీ: కుండకు, బిందెకు "నిండు". బస్సుకు "కిక్కిరిసిన".

గురువారం అందరూ సరిదిద్దిన నోట్సులు తెచ్చి చూపించాలి. "పచ్చి" కింద పైన లేని జతలు రెండైనా ఉండాలి. ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి, మీకంటే వాళ్లే ఎక్కువ చెబుతారు.