ఓ.ఎస్. నం. 112/2021 దావా పునరుద్ధరణ కోరుతూ వాది దరఖాస్తు

తెనాలి సీనియర్ సివిల్ జడ్జి గారి కోర్టు నందు

ఐ.ఏ. నం. 406/2025
ఓ.ఎస్. నం. 112/2021 లో

పిటిషనరు/వాది: కొల్లి రామారావు, వయస్సు 58 సం., వ్యవసాయం, కొలకలూరు, తెనాలి మండలం, గుంటూరు జిల్లా.
ప్రతివాది: యడ్ల సాంబశివరావు, వయస్సు 52 సం., అదే గ్రామం.

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 9, సెక్షన్ 151 కింద దరఖాస్తుకు మద్దతుగా పిటిషనరు ప్రమాణ పత్రం

కొల్లి రామారావు అను నేను ప్రమాణ పూర్వకంగా తెలియజేయునది:

1. కొలకలూరు గ్రామ సర్వే నం. 214/2 లోని య. 1-40 సెంట్ల మాగాణిని ఎకరా రూ. 20 లక్షల చొప్పున మొత్తం రూ. 28 లక్షలకు ప్రతివాది నాకు అమ్మడానికి 14-06-2019 న అగ్రిమెంటు వ్రాసి ఇచ్చాడు. ఆ రోజే రూ. 10 లక్షలు ముట్టాయి. మిగతా రూ. 18 లక్షలకు గడువు 13-06-2020. రిజిస్టరు చేయకపోవడంతో నిర్దిష్ట నిర్వర్తన కోరుతూ ఈ దావా వేశాను. అన్యాక్రాంతం చేయకుండా ఐ.ఏ. 318/2021 లో మధ్యంతర ఇంజంక్షను ఉత్తర్వు కూడా ఉన్నది.

2. నా ఛీఫ్ అఫిడవిట్ దాఖలై, అగ్రిమెంటు ప్ర.ఎ.1 గా గుర్తింపబడింది. నా క్రాస్ పరీక్ష కోసం దావా 11-07-2025 కు వాయిదా పడింది. ఆ రోజు నేను గానీ, నా న్యాయవాది గానీ హాజరు కాలేదు. ప్రతివాది తరఫు న్యాయవాది హాజరై ఉన్నందున గౌరవ కోర్టువారు ఆర్డర్ 17 రూల్ 2 తో కలిపి ఆర్డర్ 9 రూల్ 8 కింద దావాను డిఫాల్టుగా కొట్టివేశారు.

3. 08-07-2025 సాయంత్రం పొలం గట్టుపై జారిపడి నా ఎడమ తుంటి ఎముక విరిగింది. అదే రాత్రి గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చారు. 10-07-2025 న ఆపరేషను చేశారు. వాయిదా రోజున నేను మంచం మీదనే ఉన్నాను. 16-07-2025 న డిశ్చార్జి చేస్తూ ఆరు వారాలు కాలు నేల మోపవద్దన్నారు. నా వెంట ఉన్నది నా కుమారుడు ఒక్కడే. ఆ హడావిడిలో న్యాయవాది గారికి కబురు చేయాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. దీన్ని దాచడం లేదు.

4. నాకు కబురు చేయడం కుదరకపోయినా న్యాయవాది గారు హాజరై వాయిదా కోరి ఉండవలసింది. వారి ఆఫీసు డైరీలో 11 వ తేదీకి బదులు 17 అని పొరపాటున వ్రాయబడింది. ఆ 11 వ తేదీన వారు గుంటూరులో ఒక సెషన్సు కేసు విచారణలో ఉన్నారు. వారి ప్రమాణ పత్రం, డైరీ పుట నకలు విడిగా దాఖలు చేస్తున్నాను.

5. 17-07-2025 న న్యాయవాది గారు కోర్టుకు వెళ్లగా జాబితాలో కేసు కనిపించలేదు. ఈ-కోర్ట్స్ కేసు స్థితిలో కొట్టివేత తెలిసింది. 22-07-2025 న నా కుమారుడి ద్వారా నాకు తెలియజేశారు. 23-07-2025 న నకలుకు దరఖాస్తు చేయగా 29-07-2025 న అందింది. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 122 ప్రకారం కొట్టివేత తేదీ నుంచి 30 రోజుల గడువులోనే ఈ దరఖాస్తు దాఖలు చేస్తున్నాను గనుక ఆలస్య మన్నింపు పిటిషను అవసరం లేదు.

6. ఇంతకు ముందు ప్రతి వాయిదాకూ నేను హాజరైనాను. క్రాస్ పరీక్ష తప్పించుకోవాలన్న ఉద్దేశం నాకు లేదు. అలా తప్పించుకుంటే నష్టపోయేది నేనే.

7. దావా పునరుద్ధరణ జరగకపోతే నాకు మరో దారి ఉండదు. రూల్ 9 ప్రకారం అదే కారణంపై కొత్త దావా వేయడానికి వీల్లేదు. ఆ నిషేధం లేదనుకున్నా, ఆర్టికల్ 54 కింద మూడేళ్ల గడువు దాటింది. కోవిడ్ కారణంగా సుప్రీంకోర్టు మినహాయించిన 15-03-2020 నుంచి 28-02-2022 వరకు కాలాన్ని తీసివేసి లెక్కించినా అది 28-02-2025 తోనే ముగిసింది. అంటే ముట్టజెప్పిన రూ. 10 లక్షలు, భూమిపై హక్కు రెండూ విచారణ లేకుండానే పోతాయి. దావాతో పాటు ఇంజంక్షను కూడా పోయింది. 26-07-2025 న బయటి వ్యక్తులు వచ్చి భూమిని కొలిచినట్లు పక్క రైతుల ద్వారా తెలిసింది. మూడో వ్యక్తికి అమ్మితే వివాదం మరింత చిక్కుపడుతుంది.

8. ప్రతివాదికి పూరించలేని నష్టమేమీ లేదు. అతని లిఖితపూర్వక జవాబు, పత్రాలు రికార్డులోనే ఉన్నాయి. నన్ను క్రాస్ పరీక్ష చేసే హక్కు అలాగే ఉంటుంది. ఆ రోజు ఖర్చుల కింద కోర్టువారు నిర్ణయించే మొత్తం చెల్లిస్తాను. కోర్టువారు ఆదేశిస్తే మిగతా రూ. 18 లక్షలు కోర్టులో జమ చేయడానికి సిద్ధంగా ఉన్నాను. పునరుద్ధరణ తర్వాత వచ్చే మొదటి వాయిదాకే వాకరుతోనైనా బోను ఎక్కుతాను.

ప్రార్థన: కాబట్టి గౌరవ కోర్టువారు రూల్ 9(2) ప్రకారం ప్రతివాదికి నోటీసు జారీ చేసి, విచారించి, 11-07-2025 నాటి కొట్టివేత ఉత్తర్వును రద్దు చేసి, ఓ.ఎస్. 112/2021 ను అదే నంబరుపై, ఆగిన దశ నుంచే కొనసాగేలా పునరుద్ధరించి, ఐ.ఏ. 318/2021 లోని ఇంజంక్షనును కూడా తిరిగి అమలులోకి తేవలసినదిగా ప్రార్థన.

జతచేసినవి: ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రే రిపోర్టు, కొట్టివేత ఉత్తర్వు సర్టిఫైడు నకలు, న్యాయవాది గారి ప్రమాణ పత్రం, డైరీ పుట నకలు.

పై పేరాలలో చట్టానికి సంబంధించినవి న్యాయవాది సలహా మేరకు, 4, 5 పేరాల్లో ఆఫీసు డైరీ విషయాలు, 7 వ పేరాలో భూమి కొలత విషయం ఇతరుల ద్వారా తెలిసిన మేరకు, మిగిలినవి నా స్వంత ఎరుక మేరకు నిజమని 04-08-2025 న తెనాలిలో చదివించుకొని, విని సంతకం చేశాను.

కొల్లి రామారావు
ప్రమాణకర్త