స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్: ఎల్‌ఎల్‌ఎం (క్రిమినల్ లా)

నేను మూడేళ్లుగా ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా పనిచేస్తున్నాను, ఎక్కువగా మెజిస్ట్రేట్, సెషన్స్ కోర్టుల్లో క్రిమినల్ కేసులు. జూనియర్ పని ఎలా ఉంటుందో మీకు తెలిసిందే: వాయిదాలు అడగడం, కాపీ అప్లికేషన్లు వేయడం, బెయిల్ పిటిషన్లు డ్రాఫ్ట్ చేయడం, ఆర్డర్ వచ్చాక ష్యూరిటీల కాగితాలు సరిచూడటం. ఈ చివరి పని చేస్తుండగానే నాకు మళ్లీ చదువుకోవాలనిపించింది.

బెయిల్ వచ్చిందని ఇంటివాళ్లకు ఫోన్ చేస్తాం, మనిషి మాత్రం బయటికి రాడు. ఒక చిన్న దొంగతనం కేసులో మా క్లయింట్ వేరే రాష్ట్రం నుంచి వచ్చిన భవన నిర్మాణ కూలీ. 25,000 రూపాయల చొప్పున ఇద్దరు స్థానిక జామీనుదారులు కావాలని ఆర్డర్. ఊరు కాని ఊళ్లో అతనికి ఎవరు నిలబడతారు? షరతులు సడలించమని పిటిషన్ వేసి, అది విచారణకు వచ్చేదాకా వారాలు అతను జైల్లోనే ఉన్నాడు. (డబ్బు తీసుకుని జామీను నిలబడేవాళ్లు ఎలా పుట్టుకొస్తారో అప్పుడే అర్థమైంది.)

ఇది కొత్త సమస్యేమీ కాదు. 1978లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది కూడా ఒక తాపీమేస్త్రీయే, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీనును మెజిస్ట్రేట్ ఒప్పుకోలేదు. అది తప్పని జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగానే చెప్పారు. ఇన్నేళ్ల తర్వాత కూడా స్థానిక ష్యూరిటీ అనే షరతు నాకు ఆర్డర్లలో కనిపిస్తూనే ఉంది.

బెయిలబుల్ నేరాల్లో అయితే వారంలోగా జామీను ఇవ్వలేనివాణ్ని పేదవాడిగానే భావించాలని చట్టం చెబుతోంది, ఇప్పుడు అది బీఎన్‌ఎస్‌ఎస్ 478లో ఉంది. నాన్‌బెయిలబుల్ కేసుల్లో అలాంటి రక్షణ లేదు, ఎందుకు ఉండకూడదు అన్నదే నా ప్రశ్న. 2023లో సుప్రీంకోర్టు, నెలలోగా బాండ్లు ఇవ్వలేకపోతే షరతులు మార్చాలా అని కోర్టులు తమంతట తామే ఆలోచించవచ్చని చెప్పింది. కింది కోర్టుల్లో ఇది నిజంగా జరుగుతోందా? బెయిల్ ఆర్డర్ తేదీ, విడుదల తేదీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఒకటి కోర్టు దగ్గర, ఇంకొకటి జైలు దగ్గర ఉంటాయి, రెంటినీ కలిపి చూడటమే నా డిసర్టేషన్.

ఈ పని ప్రాక్టీసులో ఉంటూ ఎందుకు చేయకూడదని అడగొచ్చు. రేపటి ఫైలు చదవడానికే రాత్రి సరిపోదు, పైగా నాకు కేస్ లా వెతకడం వచ్చు కానీ డేటా సేకరించి విశ్లేషించడం రాదు, మీ కోర్సులోని రీసెర్చ్ మెథడాలజీ పేపర్ నాకు అందుకే ముఖ్యం. నా వంతుగా కోర్టు రికార్డు ఎక్కడ దొరుకుతుందో, ఎవరిని ఎలా అడగాలో తెలుసు. టీచింగ్‌లోకి వెళ్లే ఆలోచన లేదు. కోర్సు అయ్యాక మళ్లీ ట్రయల్ కోర్టుకే వస్తాను, ఆ లెక్కలను బెయిల్ షరతుల మీద వేసే పిటిషన్లలో వాడాలన్నది నా ఉద్దేశం.