ఎంఆర్ఎన్ఏ వ్యాక్సిన్ కణంలోకి వెళ్లాక ఏం జరుగుతుంది: ఐదు నిమిషాల గ్రూప్ సెమినార్ స్క్రిప్టు

శ్రీకాకుళం, బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం. మాట్లాడే వరస: హారిక, సాయి, లావణ్య, గణేష్. స్లైడ్లు నాలుగే.

గ్రూప్‌కి ఒక మాట: పేపర్ చూసి చదవొద్దు, ఎదురుగా ఉన్నవాళ్లని చూసి చెప్పండి. టైమ్ తక్కువైతే గణేష్ భాగంలో కొంచెం తగ్గించుకుందాం, సాయి చెప్పే ఎండోజోమ్ దగ్గర మాత్రం ఎవరూ తొందర పెట్టొద్దు, అసలు సంగతంతా అక్కడే ఉంది.

హారిక (స్లైడ్ 1: కణం బొమ్మ, కేంద్రకం ఎర్ర రంగులో)

సార్‌కి, మేడమ్‌కి, ఫ్రెండ్స్ అందరికీ నమస్కారం. ముందే ఒక విషయం చెప్పేస్తాను. కరోనా టైమ్‌లో మన జిల్లాలో దాదాపు అందరం వేయించుకున్నది కోవిషీల్డో, కోవాగ్జినో. ఆ రెండూ ఎంఆర్ఎన్ఏ వ్యాక్సిన్లు కావు. కోవాగ్జిన్‌లో ఉన్నది చంపేసిన కరోనా వైరస్, కోవిషీల్డ్‌లో ఉన్నది చింపాంజీల్లో కనిపించే ఒక అడినోవైరస్‌ని మార్చి తయారుచేసింది. ఎంఆర్ఎన్ఏ రకం అంటే ఫైజర్-బయోఎన్‌టెక్‌, మోడెర్నా. మన దేశంలో అయితే పుణెలోని జెన్నోవా కంపెనీ చేసిన జెమ్‌కోవాక్, దానికి 2022లో అత్యవసర అనుమతి వచ్చింది.

అయినా సరే, ఏ టీకా మాట ఎత్తినా పొందూరు వైపు వెళ్లినా, ఆమదాలవలస వైపు వెళ్లినా పెద్దవాళ్లు అడిగేది ఇదే: "ఏటమ్మా, ఆ సూది మన జీన్సు మార్చేస్తాదంట కదా?" ఇది నవ్వి వదిలేయాల్సిన ప్రశ్న కాదు, చాలా మంచి ప్రశ్న. బొమ్మలో ఎర్రగా ఉన్నది కేంద్రకం, మన డీఎన్ఏ ఉండేది అందులో. ఎంఆర్ఎన్ఏ అక్కడిదాకా వెళ్తుందా లేదా అన్నది చూడాలంటే సూది దగ్గర నుంచి దాని వెనకే నడవాలి. సాయి చెప్తాడు.

సాయి (స్లైడ్ 2: కొవ్వు గుళిక, పక్కన ఎండోజోమ్)

ఎంఆర్ఎన్ఏని ఉత్తినే ఇంజెక్షన్ చేస్తే ఏమీ జరగదు. మన ఒంట్లో ఆర్ఎన్ఏని ముక్కలు చేసే ఎంజైములు అడుగడుగునా ఉంటాయి, నిమిషాల్లో నరికేస్తాయి. ఒకవేళ మిగిలినా దానికి ఉన్నది రుణావేశం, కణం పొరని దాటి లోపలికి పోలేదు. అందుకే దాన్ని నాలుగు రకాల కొవ్వులతో చేసిన గుళికలో పెడతారు. సుమారు 100 నానోమీటర్లు ఉంటుంది, అంటే ఒక మిల్లీమీటరులో పదివేలు వరసగా పట్టేస్తాయి. ఆ నాలుగింటిలో ఒకటి మనకి బాగా తెలిసిన కొలెస్టరాలే.

భుజం కండలోకి వెళ్లిన గుళికని అక్కడి కణాలు మింగుతాయి. మింగడం అంటే కణం పొర లోపలికి ముడుచుకుని సంచిలా తయారవుతుంది, అదే ఎండోజోమ్. గుళిక కణంలోకి వచ్చింది గానీ ఇంకా సంచిలోనే బందీ. కాసేపటికి ఆ సంచి లోపల ఆమ్లం పెరుగుతుంది, బయట 7.4 ఉన్న పీహెచ్ 6కి, ఆ తర్వాత ఇంకా కిందికి దిగుతుంది. గుళికలో ఉన్న ఒక ప్రత్యేకమైన కొవ్వు మామూలప్పుడు ఏ ఆవేశమూ లేకుండా ఉంటుంది, ఆమ్లం తగలగానే ధనావేశం తెచ్చుకుంటుంది, సంచి పొరలో ఉన్న రుణావేశపు కొవ్వుల్ని పట్టుకుంటుంది. నిమ్మరసం పడగానే పాలు విరిగినట్టు, అంతవరకు కుదురుగా ఉన్న అమరిక మొత్తం చెదిరి పొర తెగుతుంది. ఆ సందులోంచి ఎంఆర్ఎన్ఏ కణద్రవంలోకి జారుతుంది.

ఇది అన్నిసార్లూ జరగదు. ఎక్కువ శాతం గుళికలు సంచిలోనే ఉండిపోయి లైసోజోమ్‌లో అరిగిపోతాయి, బయటపడేవి కొన్నే. ఆ కొన్నీ చాలు, ఎందుకో లావణ్య చెప్తుంది.

లావణ్య (స్లైడ్ 3: రైబోజోమ్, ఎంఆర్ఎన్ఏ దారం)

చాలు, ఎందుకంటే ఒక్క ఎంఆర్ఎన్ఏని రైబోజోములు మళ్లీ మళ్లీ చదువుతాయి. ఫైజర్ వ్యాక్సిన్‌లోని దారం పొడవు 4,284 అక్షరాలు. ముందు చివర ఒక క్యాప్, వెనక ఏ అక్షరాల తోక, ఈ రెండూ లేకపోతే రైబోజోము దాన్ని సరిగ్గా పట్టుకోలేదు, దారం కూడా ఎక్కువసేపు ఉండదు. ఏ-యూ-జీ దగ్గర మొదలుపెట్టి మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ పోతే 1,273 అమైనో ఆమ్లాల స్పైక్ ప్రోటీన్ తయారవుతుంది. అందులో 986, 987 స్థానాల్లో శాస్త్రవేత్తలు కావాలనే ప్రోలిన్ పెట్టారు. అది లేకపోతే స్పైక్ ఆకారం మారిపోతుంది, అప్పుడు మన రోగనిరోధక వ్యవస్థ నేర్చుకునేది అసలు వైరస్‌ మీద ఉండే ఆకారం కాదు.

ఇంకో మార్పు ఉంది, నాకు ఈ టాపిక్‌లో అన్నిటికన్నా నచ్చింది ఇదే. బయటి నుంచి ఆర్ఎన్ఏ వస్తే మన కణాలు దాన్ని శత్రువు అనుకుని గోల చేస్తాయి, వాపు మొదలవుతుంది, ప్రోటీన్ తయారీ పడిపోతుంది. కాటలిన్ కారికో, డ్రూ వైస్‌మన్ ఇద్దరూ యూరిడిన్‌ని కొద్దిగా మార్చి చూస్తే ఆ గోల తగ్గిందని 2005లో రాశారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2023లో వాళ్లకి నోబెల్ వచ్చింది.

ఇప్పుడు హారిక అడిగిన ప్రశ్న. ఈ పనంతా కేంద్రకం బయట, కణద్రవంలో జరిగింది. రైబోజోములు ఉన్నది అక్కడే కాబట్టి ఎంఆర్ఎన్ఏకి లోపలికి వెళ్లే పనే లేదు. ఆర్ఎన్ఏ మన డీఎన్ఏలో కలవాలంటే ముందు అది డీఎన్ఏగా మారాలి, దానికి రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్ కావాలి, హెచ్ఐవీ తన ఎంజైముని వెంట తెచ్చుకుంటుంది, ఈ గుళికలో అలాంటిది లేదు. చదవడం అయ్యాక కణంలోని ఎంజైములే ఆ దారాన్ని ముక్కలు చేసేస్తాయి.

గణేష్ (స్లైడ్ 4: లింఫ్ గ్రంథి)

తయారైన స్పైక్ కణం పైపొర మీదికి వస్తుంది, ముక్కలైన స్పైక్‌ని కణం ఎంహెచ్‌సీ అణువుల మీద పెట్టి టీ కణాలకి చూపిస్తుంది. డెండ్రిటిక్ కణాలు ఈ సమాచారం పట్టుకుని చంక దగ్గరి లింఫ్ గ్రంథులకి వెళ్తాయి, టీకా వేసిన తర్వాత కొందరికి చంకలో బిళ్ల కట్టేది అందుకే. అక్కడ సహాయక టీ కణాలు, బీ కణాలు కలిసి యాంటీబాడీలు తయారుచేస్తాయి, కిల్లర్ టీ కణాలు కూడా సిద్ధమవుతాయి. నెలలు గడిచేకొద్దీ యాంటీబాడీలు తగ్గుతాయి, జ్ఞాపక కణాలు మాత్రం ఉంటాయి.

దుష్ప్రభావాల గురించి కూడా చెప్పాలి. చెయ్యి నొప్పి, ఒకట్రెండు రోజులు జ్వరం మామూలే. చాలా అరుదుగా, ముఖ్యంగా కుర్రాళ్లలో రెండో డోసు తర్వాత గుండె కండరం వాపు వచ్చింది, ఎక్కువమంది కోలుకున్నారు. ఇది దాచిపెడితే మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

మా నలుగురిలో ఎవరినైనా ప్రశ్నలు అడగొచ్చు.

(మన కోసం: "మరి కోవిషీల్డ్ సంగతేంటి?" అని కచ్చితంగా అడుగుతారు. లావణ్య చెప్పాలి. అది మోసుకొచ్చేది డీఎన్ఏ, ఆ డీఎన్ఏ కేంద్రకంలోకి వెళ్తుంది, అది ఒప్పుకుందాం. కానీ మన క్రోమోజోముల్లో చొప్పించే యంత్రాంగం అడినోవైరస్‌కి లేదు, కణంలో తన సంఖ్య పెంచుకోకుండా ముందే దాని జీన్ తీసేశారు. ఇంతవరకే చెప్పి ఆగండి.)