కొత్త బ్యాచ్ ట్రైనింగ్ మీటింగ్: మంగళవారం బదులు గురువారం లేదా బుధవారం

మాధవి గారూ, నమస్తే.

కొత్తగా చేరేవాళ్ల ట్రైనింగ్ గురించి మాట్లాడుకుందామని మీరు పంపిన మెయిల్ చూశాను. తప్పకుండా కూర్చుందాం. కాకపోతే మీరు అడిగిన మంగళవారం, 14వ తేదీ ఉదయం 11 గంటలకు నాకు కుదరదు. ఆ రోజు పది నుంచి ఒంటిగంట దాకా బడ్జెట్ రివ్యూ ఉంది. మా టీమ్ లెక్కలు చెప్పాల్సింది నేనే కాబట్టి మధ్యలో లేచి రావడానికి వీల్లేదు.

రివ్యూ అయ్యాక ఓ పావుగంట మాట్లాడేద్దామా అని కూడా ఆలోచించాను. వద్దనిపించింది. నెల రోజులుగా మీరు ఈ ప్లాన్ మీద పనిచేస్తున్నారు. నేను గడియారం చూసుకుంటూ తలూపితే అది మీ పనికి న్యాయం కాదు.

ఈ రెండింటిలో మీకు ఏది వీలవుతుందో చూడండి:

గురువారం 16వ తేదీ, ఉదయం 9:30 నుంచి
బుధవారం 15వ తేదీ, సాయంత్రం 4 నుంచి 4:45 వరకు

రెండూ నా క్యాలెండర్‌లో మీ కోసం బ్లాక్ చేసి ఉంచాను. సోమవారం సాయంత్రంలోపు ఒక మాట చెప్తే రెండోది తీసేస్తాను. నన్నడిగితే గురువారమే మంచిది. ఆ రోజు 11:30 దాకా నాకు వేరే పని లేదు, మాట్లాడుతూ కాస్త ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు. బుధవారమైతే 5 గంటలకు ఇంకో కాల్ ఉంది, 4:45కి లేవాల్సిందే.

రెండూ కుదరకపోతే 20వ తేదీ సోమవారం మధ్యాహ్నం 2 తర్వాత మీకు వీలైన టైం చెప్పండి, మిగతావి నేను సర్దుకుంటాను. 27న కొత్త బ్యాచ్ వస్తోంది కదా, అంతకన్నా ఆలస్యం చేయడం నాకూ ఇష్టం లేదు.

మీ డ్రాఫ్ట్ చదువుతున్నాను. రెండో వారంలోనే వాళ్లను కస్టమర్ కాల్స్‌లో కూర్చోబెట్టాలన్న చోట ఆగిపోయాను. ఆలోచన నాకు నచ్చింది. కానీ పోయిన బ్యాచ్‌లో ఇద్దరు, కాల్ మధ్యలో సందేహం వస్తే ఎవరిని అడగాలో తెలియక టెన్షన్ పడ్డామని నాతో చెప్పారు. ఈసారి ఒక్కొక్కరి పక్కన పాతవాళ్లలో ఎవరు కూర్చుంటారు, ఆ గంటల్లో వాళ్ల పని ఎవరు చూసుకుంటారు అన్నది మనం ముందే తేల్చుకోవాలి. మీ దగ్గర పేర్ల లిస్టు ఉంటే మీటింగ్‌కి ముందు పంపండి, సగం ఖాళీగా ఉన్నా పర్వాలేదు. నా టీమ్ నుంచి ఇద్దరిని ఇవ్వగలను, ఆ మాట వాళ్లతో ఇప్పటికే అనేశాను.

ఇంకొకటి. మంగళవారం ఇన్వైట్‌కి డిక్లైన్ నొక్కుతున్నాను. నోటిఫికేషన్ చూసి మీటింగే వద్దన్నానని అనుకోకండి. కిరణ్ కూడా అందులో ఉన్నాడు కాబట్టి టైం మారుతోందని అతనికి నేనే చెప్తాను.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

సుధాకర్